ఆ అర సెకను ఎక్కడి నుంచి వచ్చింది?

మా అక్క కొడుకు ఈ ఏడే ఇంజినీరింగ్‌లో చేరాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఫిజిక్స్ రికార్డు నా ముందు పెట్టి, "మావయ్యా, స్టాప్‌వాచ్ పాడైపోయి ఉంటుందంటావా?" అన్నాడు. మీటరు పొడవున్న లోలకం, 20 ఊపులకు 40.81 సెకన్లు, దాన్నుంచి లెక్క కట్టిన g విలువ 9.48. మన కోస్తాలో g సుమారు 9.78 ఉండాలి. గుండును ఎంత పక్కకు లాగి వదిలావని అడిగాను. ఊపు పెద్దగా ఉంటే లెక్కపెట్టడం సులువని 30 డిగ్రీల దాకా లాగాడట.

స్టాప్‌వాచ్ బాగానే ఉంది. వాడి లెక్కింపూ బాగానే ఉంది. తేడా వాడు వాడిన సూత్రంలోనే ఉంది. T = 2π√(L/g) అనే సూత్రం ప్రకారం 20 ఊపులకు 40.18 సెకన్లే పట్టాలి. అరసెకను పైచిలుకు ఎక్కువ వచ్చింది. ఆ ఎక్కువ ఎంత ఉంటుందో గుండు వదలక ముందే కాగితం మీద చెప్పవచ్చు. మొదటి సంవత్సరం గణితంలో వచ్చే ఘాత శ్రేణులు చేసే పని అదే.

లోలకాన్ని వెనక్కి లాగే బలం sin θ ని బట్టి ఉంటుంది. కానీ sin θ ఉన్న సమీకరణాన్ని నేరుగా సాధించడం కష్టం. అందుకని పుస్తకంలో "θ చిన్నదైనప్పుడు sin θ ≈ θ" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోతారు. చిన్నది అంటే ఎంత చిన్నది? ఐదు డిగ్రీలా, పదా, ముప్పయ్యా? ఆ ప్రశ్న ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికీ మూలం ఆ ప్రశ్నే.

sin అనేది ఒక వింత ప్రమేయం. 2 ఇచ్చి దాని వర్గం ఎంతంటే ఎవరైనా చెబుతారు. 0.5236 రేడియన్ల సైన్ ఎంతంటే చేతిలో దారి లేదు. మనకైనా యంత్రానికైనా నిజంగా చేతనైనవి కూడటం, తీసివేయడం, గుణించడం, భాగించడం. వీటిలో కూడికలు, గుణకారాలతోనే కట్టగలిగే ప్రమేయాలు బహుపదులు. కాబట్టి సైన్‌కు బదులుగా నిలబడగల బహుపది ఒకటి కావాలి.

దాన్ని ఎలా కట్టాలి? సున్నా దగ్గర నిలబడి చూద్దాం. అక్కడ సైన్ విలువ 0, కాబట్టి బహుపదిలో స్థిర సంఖ్య అక్కర్లేదు. అక్కడ దాని వాలు 1, కాబట్టి x అనే పదం పెట్టాలి. రెండో అవకలజం 0, కాబట్టి x² పదం లేదు. మూడో అవకలజం −1. ఇక్కడ కాస్త ఆగాలి. x³ ని ఒకసారి అవకలనం చేస్తే 3x², రెండోసారి 6x, మూడోసారి 6. మనకు కావలసింది −1 కాబట్టి x³ ముందు −1/6 పెట్టాలి. విద్యార్థులను భయపెట్టే ఫాక్టోరియల్ పుట్టేది ఇక్కడే. ఒక్కో అవకలనంలో ఘాతాంకం కిందికి దిగి గుణకంగా చేరుతుంది, చేరినవన్నీ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి, వాటిని రద్దు చేయడానికే కింద ఆ భాగహారం. అలాగే ముందుకు వెళ్తే:

sin x = x − x³/6 + x⁵/120 − x⁷/5040 + …

మొదటి పదం ఒక్కటే ఉంచితే అది సున్నా దగ్గర సైన్ రేఖను ఒరుసుకుంటూ పోయే సరళరేఖ. రెండో పదం చేరిస్తే రేఖ వంగడం నేర్చుకుంటుంది, సైన్‌తో పాటు ఇంకొంత దూరం నడుస్తుంది. మూడోది చేరిస్తే మరికొంత దూరం. ఎంత పొడవైన బహుపది అయినా ఎక్కడో ఒకచోట సైన్‌ను విడిచి ఆకాశానికో పాతాళానికో పోతుంది. ఎందుకంటే సైన్ ఎప్పుడూ −1, 1 మధ్యే ఉంటుంది, బహుపది అలా ఉండలేదు. అందుకే "ఈ బహుపది సైన్‌కు సమానం" అని చెప్పలేం. "ఇంత దూరం వరకు, ఇంతకు మించని తేడాతో సరిపోతుంది" అని మాత్రమే చెప్పగలం.

30 డిగ్రీలు తీసుకుందాం, జవాబు 0.5 అని ముందే తెలుసు కాబట్టి. ముందుగా రేడియన్లలోకి మార్చాలి: 0.5235988. ఈ మార్పు మరిచిపోయి x స్థానంలో 30 వేసేవాళ్లు ఏటా ఉంటారు. సైన్ వాలు సున్నా దగ్గర 1 కావడం రేడియన్లలోనే నిజం, కాబట్టి శ్రేణి కూడా రేడియన్లకే పనిచేస్తుంది.

ఒక్క పదంతో 0.5236. రెండు పదాలతో 0.499674. మూడింటితో 0.5000021. మొదట ఎక్కువ, తర్వాత తక్కువ, మళ్లీ ఎక్కువ. అసలు విలువ 0.5 ఎప్పుడూ ఈ పక్క పక్క జవాబుల మధ్యే చిక్కుకుని ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. దీని రుజువుకు ఇంటర్మీడియట్‌లో నేర్చిన సమాకలనం చాలు. నాకు చాలా ఇష్టమైన రుజువు కాబట్టి పూర్తిగా చెబుతాను.

x ధనసంఖ్య అనుకుందాం. cos ఎప్పుడూ 1 ని మించదు. ఈ ఒక్క సంగతిని 0 నుంచి x వరకు సమాకలనం చేస్తే sin x ≤ x వస్తుంది. దాన్ని మళ్లీ సమాకలనం చేస్తే 1 − cos x ≤ x²/2, అంటే cos x ≥ 1 − x²/2. ఇంకోసారి చేస్తే sin x ≥ x − x³/6. ఇంకో రెండుసార్లు చేస్తే sin x ≤ x − x³/6 + x⁵/120. ఆపకుండా ఎంత దూరమైనా పోవచ్చు. ప్రతిసారీ సైన్ ఒకసారి పైనుంచి, ఒకసారి కింది నుంచి ఇరుకున పడుతుంది. కాబట్టి ఎక్కడ ఆపినా, మనం చేసిన తప్పు ఆ తర్వాత వదిలేసిన మొదటి పదం కన్నా ఎక్కువ ఉండదు.

సరిచూద్దాం. రెండు పదాల దగ్గర ఆపితే, వదిలేసిన పదం x⁵/120 విలువ 0.000328. నిజంగా జరిగిన దోషం 0.000326. మూడు పదాల దగ్గర ఆపితే హద్దు 0.00000214, నిజమైన దోషం 0.00000213. అసలు జవాబు తెలియకుండానే, అది మన జవాబుకు ఎంత దూరంలో ఉందో ఇంత దగ్గరగా చెప్పగలిగాం.

ఇప్పుడు మావాడి లోలకం దగ్గరకు వద్దాం. sin θ బదులు θ పెడితే, వదిలేసింది θ³/6. θ తో పోలిస్తే అది θ²/6 వంతు. 30 డిగ్రీల దగ్గర ఇది నూటికి నాలుగున్నర పైమాటే. మరి ఊపు కాలంలో కూడా అంత తేడా వస్తుందా? రాదు. గుండు ఎప్పుడూ చివరి కోణం దగ్గరే ఉండిపోదు, మధ్యలో చిన్న కోణాల గుండా పోతుంది. ఆ సగటు వేస్తే ఒక ముప్పావు గుణకం వస్తుంది. పైగా ఊపు కాలం బలాన్ని వర్గమూలంగా అనుసరిస్తుంది కాబట్టి చిన్న తేడా సగమవుతుంది. 1/6 ని 3/4 తో, ఆ పైన 1/2 తో గుణిస్తే 1/16. అందుకే సవరించిన సూత్రం ఇలా ఉంటుంది:

T = 2π√(L/g) × (1 + θ₀²/16 + …)

ఇందులో θ₀ అంటే మొదట లాగి వదిలిన కోణం. ఇది కూడా ఘాత శ్రేణే. 30 డిగ్రీలకు θ₀²/16 విలువ 0.0171. తర్వాతి పదం, 11θ₀⁴/3072, మరో 0.0003 కలుపుతుంది. మొత్తం నూటికి 1.74. 40.18 సెకన్ల మీద అది 0.70 సెకను. మావాడికి ఎక్కువగా వచ్చింది 0.63. గాలి వల్ల 20 ఊపుల్లో కోణం కొంత తగ్గుతుంది కాబట్టి కాస్త తక్కువ రావడం సహజమే. వాడు తప్పు చేశాననుకున్న ప్రయోగం నిజానికి θ³/6 ని కొలిచింది. ఆ సంగతి చెప్పినప్పుడు వాడు రికార్డు కేసి చాలాసేపు చూశాడు.

g విషయంలో ఇది రెట్టింపు అవుతుంది. g కోసం T ని వర్గం చేసి భాగిస్తాం, కాబట్టి కాలంలో నూటికి 1.6 తేడా g లో నూటికి 3.2 అవుతుంది. 9.78 కాస్తా 9.48 కి దిగింది.

మరి "చిన్న కోణం" అంటే ఎంత? దీనికి జవాబు గణితం ఒక్కటే చెప్పలేదు, చేతిలో ఉన్న పరికరాన్నీ అడగాలి. స్టాప్‌వాచ్ నొక్కే బొటనవేలు ఆలస్యం 0.2 సెకను అనుకుందాం. 10 డిగ్రీలకు θ₀²/16 విలువ 0.0019, అంటే 40 సెకన్ల మీద 0.08 సెకను. బొటనవేలి తప్పులో అది కనిపించకుండా పోతుంది. 5 డిగ్రీలకైతే 0.02. అదే కాంతి కిరణం అడ్డుపెట్టి వెయ్యోవంతు సెకను కొలిచే పరికరం ఉంటే 5 డిగ్రీలు కూడా పెద్ద కోణమే, సవరణ పదం తప్పనిసరిగా పెట్టాలి. మన కొలత ఎంత మోటుగా ఉందో, శ్రేణిని అంత తొందరగా ఆపవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "వదిలేసిన మొదటి పదమే దోషానికి హద్దు" అనే సూత్రం అన్నిచోట్లా చెల్లదు. గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారుతూ, పదాలు తగ్గుతూ పోయే శ్రేణులకే అది వర్తిస్తుంది. eˣ శ్రేణిలో x కు 1 పెట్టి ఐదు పదాలు కూడితే, అంటే 1 + 1 + 1/2 + 1/6 + 1/24 చేస్తే 2.70833. తర్వాతి పదం 1/120, అంటే 0.0083. కానీ నిజమైన దోషం 0.0099. హద్దు అనుకున్నది దాటిపోయింది. ఎందుకంటే ఇక్కడ పదాలన్నీ ధనాత్మకాలే, వదిలేసినవన్నీ ఒకే వైపు పోగుపడతాయి. ఇలాంటిచోట లగ్రాంజ్ ఇచ్చిన హద్దు వాడాలి. n వ ఘాతం దగ్గర ఆపితే, దోషం M·|x|ⁿ⁺¹/(n+1)! ని మించదు. M అంటే 0 కీ x కీ మధ్య (n+1)వ అవకలజం తీసుకోగల అతి పెద్ద పరిమాణం. eˣ కు ఎన్ని అవకలజాలు తీసినా అదే eˣ, 0 నుంచి 1 వరకు అది 3 లోపే. కాబట్టి హద్దు 3/120 = 0.025. ఇది కాస్త ఎక్కువ ఉదారంగా ఉంది కానీ మోసం చేయదు. పరీక్షలో చాలామంది M దగ్గర తడబడతారు. కచ్చితమైన గరిష్ఠ విలువ వెతకనక్కర్లేదు, దాన్ని మించదని చెప్పగల ఏ సంఖ్య అయినా చాలు. సైన్‌కు M గా ఎప్పుడూ 1 వేసుకోవచ్చు, అందుకే అది అంత సులువు.

సులువైన సైన్‌తో కూడా దెబ్బతినవచ్చు. x కు 10 పెట్టండి. శ్రేణి తప్పకుండా సరైన జవాబుకే చేరుతుంది, పుస్తకంలో అలాగే ఉంటుంది. కానీ పదాలు చూడండి: 10, 166.7, 833.3, 1984.1, 2755.7. తగ్గడానికి ముందు ఇంత పెరుగుతాయి. జవాబేమో −0.5440. యంత్రం ఏడంకెలే గుర్తుపెట్టుకుంటే, వేలల్లో ఉన్న సంఖ్యలను ఒకదానిలోంచి ఒకటి తీసేటప్పుడు ముందరి అంకెలు రద్దయి, చివర మిగిలే కొద్ది అంకెల్లో చెత్త చేరుతుంది. x కు 30 పెడితే అతి పెద్ద పదం దాదాపు 77,600 కోట్లు. పదహారంకెలు పట్టే యంత్రంలో కూడా పన్నెండు అంకెలు దశాంశ బిందువుకు ముందే ఖర్చయిపోతాయి. శ్రేణి తప్పు కాదు, దోష హద్దూ తప్పు కాదు, కూడికే కొట్టుకుపోతుంది. దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది: మధ్యలో వచ్చిన అతి పెద్ద పదం తుది జవాబు కన్నా ఎన్ని రెట్లు పెద్దదో చూడండి. వెయ్యి రెట్లుంటే మూడంకెలు పోయినట్టే.

మందు కూడా సులువే. సైన్ తన విలువలను మళ్లీ మళ్లీ చెబుతుంది కాబట్టి 10 లోంచి 3π తీసేస్తే 0.575222 మిగులుతుంది, sin 10 దీని సైన్‌కు ఋణ గుర్తు పెట్టినంత. మూడే పదాలతో 0.544025 వస్తుంది, దోషం 0.0000042 ని మించదు. నేరుగా 10 పెట్టి ఇంతే హద్దు తెచ్చుకోవాలంటే 18 పదాలు కావాలి. ముందు కోణాన్ని కుదించి ఆ తర్వాత చిన్న బహుపదిని వాడటం సైన్ లెక్కించే ప్రోగ్రాముల్లో మామూలు పద్ధతి.

అన్ని శ్రేణులకూ కింద ఫాక్టోరియల్ ఉండదు. tan విలోమం తీసుకోండి:

arctan x = x − x³/3 + x⁵/5 − x⁷/7 + …

ఇక్కడ హారాలు 3, 5, 7 అంటూ నడుస్తాయి, పరిగెత్తవు. x విలువ 1 ని దాటితే పదాలు తగ్గవు, పెరుగుతాయి, ఎన్ని కలిపినా ప్రయోజనం లేదు. arctan రేఖ చూస్తే 1 దగ్గర ఏ వింతా లేదు, నున్నగా సాగిపోతుంది. ఆటంకం సంకీర్ణ సంఖ్యల్లో ఉంది: దాని అవకలజం 1/(1+x²), x కు i వేస్తే హారం సున్నా అవుతుంది, i సున్నాకు సరిగ్గా 1 దూరంలో ఉంది. సరిహద్దు మీద, అంటే x = 1 దగ్గర, శ్రేణి π/4 కు చేరుతుంది కానీ నత్తనడకన. పది పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.0418. π లో మొదటి దశాంశ స్థానం కూడా సరిగా లేదు.

ఈ నత్తనడకతో తలపడినవారు మన దక్షిణాదివారే. కేరళలో సంగమగ్రామానికి చెందిన మాధవుడు 14వ శతాబ్దంలో పుట్టినవాడు. సైన్, arctan శ్రేణులను ఆయన శిష్యపరంపర ఆయన పేరుతోనే చెప్పుకుంది. బ్రూక్ టేలర్ తన సూత్రాన్ని ప్రచురించింది 1715లో. జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో మలయాళంలో రాసిన 'యుక్తిభాష' ఈ శ్రేణులకు ఉపపత్తులతో సహా వివరణ ఇచ్చింది. శ్రేణిని ఎక్కడ ఆపామో అక్కడ ఎంత లోటు మిగిలిందన్న ప్రశ్న ఆ పరంపర నేరుగా వేసుకుంది. నన్ను ఎక్కువగా కదిలించేది ఈ సంగతే.

π/4 శ్రేణిలో n పదాలు కూడి ఆపితే, తర్వాతి పదం రావలసిన గుర్తుతో n/(4n²+1) కలపమన్నది వాళ్లిచ్చిన సవరణల్లో ఒకటి. పది పదాలకు అది 10/401. నాలుగుతో గుణించి 3.04184 కు కలిపితే 3.1415902. ఐదు దశాంశాలు సరిపోయాయి. ఈ సవరణ లేకుండా అంత దగ్గరకు రావాలంటే నాలుగు లక్షలకు పైగా పదాలు కూడాలి. దోషానికి హద్దు తెలుసుకోవడంతో వాళ్లు ఆగలేదు. దోషం ఏ ఆకారంలో ఉందో పట్టుకుని దాన్నే జవాబులో కలిపేశారు. మావాడి లోలకానికి మనం θ₀²/16 కలిపింది అచ్చం ఈ ఉపాయంతోనే.

మర్నాడు పొద్దున్న ఇద్దరం కలిసి గుమ్మం పైనున్న మేకుకు మీటరు దారం కట్టి, ఒక బరువైన ఇనప నట్టు వేలాడదీశాం. ఈసారి నాలుగు వేళ్ల వెడల్పు, ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు మాత్రమే పక్కకు లాగించాను. మీటరు దారానికి అది ఐదు డిగ్రీలు. మేకు నుంచి నట్టు మధ్య వరకు టేపుతో రెండుసార్లు కొలిచాడు. 20 ఊపులకు 40.2 సెకన్లు. g 9.77. తర్వాత నేను చెప్పకుండానే ఇంకో నాలుగు వరుసలు రాశాడు: కోణం వల్ల 0.02 సెకను, బొటనవేలి వల్ల 0.2 సెకను, టేపు వల్ల మిల్లీమీటరు. అన్నీ g లోకి మార్చి చూస్తే బొటనవేలిదే పెద్ద వాటా, నూటికి ఒకటి. 9.77 పక్కన ± 0.1 అని రాసి, "మావయ్యా, వంద ఊపులు లెక్కపెడితే ఇది ఐదో వంతుకు తగ్గుతుంది కదా?" అంటూ నట్టును మళ్లీ పక్కకు లాగాడు.